కొలెస్ట్రాల్ ఉంది, బజ్జీ మానలేం: వారం మెనూ ఇలా వేద్దాం

నమస్కారం. ఇవాళ ఒకాయనకి వారం మెనూ వేద్దాం. వయసు 48, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 165. సాయంత్రం ఐదైతే కాళ్లు బజ్జీల బండి వైపే లాగుతాయి. అందుకే మెనూ టిఫిన్‌తో కాకుండా ఆ ఐదు గంటల దగ్గరే మొదలుపెడుతున్నా.

ముందు నూనె లెక్క. మనిషికి నెలకి అర లీటరు అనుకుంటే వారానికి దాదాపు 120 మిల్లీలీటర్లు. ఆదివారం రాత్రి ఆయన వాటా వేరే సీసాలో పోసిపెట్టండి. వారమంతా అందులోంచే, బజ్జీతో సహా.

బజ్జీకి శనివారం ఇచ్చేద్దాం, అదీ ఇంట్లోనే. బండి మీద ఏ నూనో, ఎన్నిసార్లు కాగిందో మనకి తెలీదు. పామాయిల్ అయితే అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే, ఎల్‌డీఎల్‌ని పెంచేది అదే. ఇంట్లో మూకుడులో 300 మిల్లీలీటర్లు కొలిచి పోయండి. పిండి చుక్క వేస్తే వెంటనే పైకి తేలాలి. అడుగునే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు, అప్పుడు వేస్తే బజ్జీ నూనె పీల్చేస్తుంది. వంటసోడా ఎక్కువైనా అంతే. పన్నెండు బజ్జీలు వేశాక, చల్లారిన నూనె మళ్లీ కొలవండి. 210 మిగిలిందనుకోండి, 90 బజ్జీల్లోకి వెళ్లింది. ఆయన నాలుగు తింటే 30 మిల్లీలీటర్లు. ఈ కొలత ఒక్కసారి చూస్తే అయిదో బజ్జీకి చెయ్యి తనే ఆగుతుంది! మిగిలిన నూనె వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో పోపులకి వాడేయండి. మళ్లీ వేపుడుకి వద్దు.

ఆ 30 ఆయన వాటాలోంచి తీసేస్తే ఇక సీసాలో 90 ఉంది, అంటే రోజుకి రెండున్నర టీ చెంచాలు. కూర, పోపు, దోశ అన్నీ అందులోనే సర్దాలి. కాబట్టి బెండకాయ వేపుడు బదులు పులుసు, పూరీ బదులు ఇడ్లీ లేదా పెసరట్టు. ఆదివారం మటన్ స్థానంలో చేపల పులుసు.

మిగతా సాయంత్రాలు ఖాళీగా వదిలితే మాత్రం ప్లాన్ బుధవారానికే చెడుతుంది. సోమ, గురువారాల్లో ఉలవ గుగ్గిళ్లు, ముందురోజు రాత్రి నానబెట్టి. మంగళ, శుక్రవారాల్లో గుంటపొంగణాలు, గుంటకి రెండు చుక్కల నూనె చాలు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ దండిగా వేయండి, కరకర తగ్గదు. బుధవారం మరమరాల్లో పుట్నాలు, టమాటా, నిమ్మరసం. ఆదివారం ఓ గుప్పెడు వేయించిన పల్లీలు, ఉప్పు లేకుండా. ఉలవలు, శనగల్లోని పీచుకి ఎల్‌డీఎల్‌ని కొంత తగ్గించే గుణం ఉంది. కొంత అంటే కొంతే.

అందుకే డాక్టర్ మాత్ర రాసి ఉంటే ఈ మెనూ చూసి ఆపొద్దు. రెండు మూడు నెలలయ్యాక లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించండి. సీసా లెక్క పక్కాగా ఉన్నా అంకె కదలకపోతే, థైరాయిడ్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. అమ్మానాన్నల్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే అదీ చెప్పండి.