డెమో అయిన మర్నాడు పంపే మెసేజ్

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి వెళ్లి, రైతుకు ఇచ్చే అమ్మకం లెక్కల పట్టీలు రాసే సాఫ్ట్‌వేర్ డెమో ఇచ్చారనుకోండి. మర్నాడు మనవాళ్లు పంపే మెసేజ్ ఎక్కువగా ఇలా ఉంటుంది:

“సార్, నిన్న డెమో చూశారు కదా. ఆఫర్ ఈ రోజుతో అయిపోతుంది. వెంటనే కన్ఫర్మ్ చేయండి. రెండుసార్లు ఫోన్ చేశాం, ఎత్తలేదు.”

‘సార్’ పక్కన ‘దయచేసి’ చేర్చినంత మాత్రాన ఇది బాగుపడదు. ఇందులో ఉన్నవన్నీ మన అవసరాలే. డెమోలో షావుకారు గారు ఒక మాట అడిగారు: ఒకే రైతు సరుకు ఇద్దరికి రెండు ధరలకు పోతే పట్టీ ఒకటే వస్తుందా? “కనుక్కుని చెబుతామండి” అని లేచి వచ్చేశాం. ఆయన ఎదురుచూసేది ఆ జవాబు కోసం. అది ఇవ్వకుండా డబ్బు మాట ఎత్తితే ఫోన్ ఎందుకు ఎత్తుతారు?

అందుకే డెమో నుంచి బయటికి రాగానే, బండి తీయకముందే, వాళ్లు అడిగిన ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. సాయంత్రానికి మన మాటలే గుర్తుంటాయి. ఆయన అడిగిన పట్టీని చేసి చూశాక మెసేజ్ ఇలా మారుతుంది:

“నమస్కారమండి. మీరు అడిగిన రెండు ధరల పట్టీ చేసి చూశాం. 40 టిక్కీల్లో 25 టిక్కీలు, 10 క్వింటాళ్లు, 16,000 చొప్పున. 15 టిక్కీలు, 6 క్వింటాళ్లు, 15,200 చొప్పున వేశాం. ఒకే పట్టీలో రెండు వరుసలుగా వచ్చింది. ఖర్చులు తీయకముందు మొత్తం 2,51,200. ఫొటో పెట్టాం. మీ గుమాస్తా గారు హమాలీ, కాటా కూలి విడిగా కావాలన్నారు. అవి విడిగా రావు, కలిపే పడతాయి. అలా మీకు నడుస్తుందా? నడిస్తే గురువారం సాయంత్రం వచ్చి మీ పాత పట్టీలు మూడు ఎక్కించి చూపిస్తాం, అరగంట చాలు. నడవకపోతే ఆ మాటే చెప్పండి.”

ఇక్కడ అన్నిటికన్నా బరువైనది ‘విడిగా రావు’ అన్న మాట. దాన్ని దాచి అమ్మితే మొదటి పట్టీ రోజునే గుమాస్తా పట్టుకుంటారు, ఆ తర్వాత పక్క దుకాణంలోకి కూడా మనల్ని రానివ్వరు. ఫొటోలో వేరే దుకాణం రైతు పేరు కనిపించకూడదు. వేరేవాళ్ల లెక్కలు ఇక్కడ చూపిస్తున్నారంటే, మావి ఇంకోచోట చూపిస్తారనే కదా అనుకుంటారు.

పంపే వేళ కూడా చూడండి. పొద్దున వేలం పాట నడుస్తుండగా పంపితే అది ధరల మెసేజ్‌ల కింద పడిపోతుంది. కాటాలు, లెక్కలు తెమిలాక పంపాలి.

జవాబు రాకపోతే నాలుగైదు రోజులు ఆగి, కొత్త విషయం ఉంటేనే రాయాలి. “చూశారా అండి?” అన్నది కొత్త విషయం కాదు. ధర నిజంగా పెరుగుతుంటే తేదీ, ఇప్పటి ధర, తర్వాతి ధర మూడూ రాసి, ఆ తేదీ దాటాక పాత ధరకు ఇవ్వకండి. ఇస్తే ముందు చెప్పిన గడువు అబద్ధమని వాళ్లకు తెలిసిపోతుంది.