ఆ యాభై రోజులు ఏ రోజు నుంచి లెక్క?

అందరికీ నమస్కారం. నేను బ్యాంకులో క్రెడిట్ కార్డుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ ఉన్నన్నాళ్లూ కౌంటరు దగ్గర నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇది: "యాభై రోజులు వడ్డీ లేదన్నారు కదండీ, నేను కొని నెల కూడా కాలేదు, అప్పుడే కట్టమంటున్నారేంటి?" అడిగినవాళ్ల తప్పేం లేదు. కార్డు ఇచ్చేటప్పుడు "50 రోజుల వరకు" అని చెబుతారు. ఆ "వరకు" అన్న మాట మన చెవిన పడదు.

ఈ గడువు కార్డుకు ఇచ్చింది కాదు, మీరు కొన్న ఒక్కో వస్తువుకు ఇచ్చింది. ఒకే బిల్లులో ఉన్న రెండు వస్తువులకు రెండు రకాల గడువు ఉండొచ్చు. దాన్ని తేల్చేవి మూడు తేదీలు. మీరు కార్డు గీకిన తేదీ ఒకటి. బ్యాంకు బిల్లు తయారుచేసే తేదీ, అంటే స్టేట్‌మెంట్ తేదీ, రెండోది. కట్టాల్సిన ఆఖరి తేదీ, మనం డ్యూ డేట్ అంటామే, అది మూడోది.

ఒక కార్డు తీసుకుందాం. దాని బిల్లు ప్రతి నెలా 12న వస్తుంది. బిల్లు వచ్చాక కట్టడానికి 20 రోజులు ఇస్తారు. అంటే సెప్టెంబరు 13 నుంచి అక్టోబరు 12 దాకా కొన్నవన్నీ అక్టోబరు 12 బిల్లులోకి వస్తాయి. ఆ బిల్లు కట్టాల్సింది నవంబరు 1కి. ఇప్పుడు సెప్టెంబరు 25న బియ్యం, పప్పులు కొన్నారనుకోండి. బిల్లు తేదీకి 17 రోజులుంది, దానికి 20 కలిపితే 37 రోజులు. లెక్కంతా ఇంతే. కొన్న రోజు నుంచి బిల్లు రోజుకు ఎన్ని రోజులో చూసి, దానికి బ్యాంకు ఇచ్చే 20 కలుపుకోవాలి.

అదే వస్తువు అక్టోబరు 12న, బిల్లు రోజునే కొంటే నవంబరు 1కి కట్టాలి, చేతిలో 20 రోజులే. ఒక్క రోజు ఆగి 13న కొంటే అది నవంబరు 12 బిల్లులోకి వెళ్తుంది. దాని ఆఖరి తేదీ డిసెంబరు 2, అంటే 50 రోజులు. ఒక్క రోజు తేడాకు నెల రోజుల గడువు వచ్చింది. పెద్ద వస్తువు కొనాలనుకుంటే బిల్లు తేదీ దాటాక కొనమనేది ఇందుకే. బిల్లు రోజు రాత్రి గీకినవి కొన్నిసార్లు దుకాణం నుంచి బ్యాంకుకు చేరేసరికి ఒకటి రెండు రోజులు పట్టి, తర్వాతి బిల్లులోకి జారతాయి. దాన్ని నమ్ముకోకండి, 12 దాటనివ్వండి.

ఇంకో చిన్న విషయం, ఇక్కడ చాలామంది పొరపడతారు. 20 రోజులన్నది మారదు గానీ నెలలో రోజులు మారతాయి. అందుకని ఇదే కార్డుకు అక్టోబరు బిల్లుకు ఆఖరి తేదీ నవంబరు 1, నవంబరు బిల్లుకు డిసెంబరు 2, ఫిబ్రవరి బిల్లుకు మామూలు సంవత్సరంలో మార్చి 4. "నా కార్డు 2వ తేదీకి కట్టాలి" అని గుర్తుపెట్టుకున్న మనిషి 1వ తేదీకే కట్టాల్సిన నెలలో ఒక రోజు ఆలస్యమవుతాడు. అలా మూడు రోజుల్లోపు ఆలస్యమైతే లేటు ఫీజు వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. కానీ అది లేటు ఫీజు సంగతి. వడ్డీ కూడా పోతుందని ధీమాగా ఉండకండి.

ఇక అసలు నష్టం ఎక్కడో చెబుతాను. ఈ గడువంతా ఒక షరతు మీద నిలబడింది. పాత బిల్లు రూపాయి మిగలకుండా కట్టి ఉండాలి. మా తమ్ముడి ఇంట్లోనే ఇది జరిగింది. బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం, లెక్క చాలు. ఇదే 12వ తేదీ కార్డు. సెప్టెంబరు 13న 40,000 పెట్టి ఫ్రిజ్ కొన్నాడు. అక్టోబరు 20న పిల్లల ఫీజు కింద 10,000 గీకాడు. నవంబరు 1న ఫ్రిజ్ బిల్లుకు 39,000 కట్టి, "వెయ్యే కదా, వచ్చే నెల చూద్దాం" అనుకున్నాడు. లేటు ఫీజు పడలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. ఎందుకంటే కనీసం ఇంత కట్టాలని బిల్లు మీద Minimum Amount Due కింద ఉన్నదానికంటే చాలా ఎక్కువే కట్టాడు. అంతా సవ్యంగానే ఉందనుకున్నాడు.

నవంబరు 12 బిల్లులో వడ్డీ 2,533, దాని మీద 18 శాతం జీఎస్టీ 456, మొత్తం 2,989 రూపాయలు పడింది. వెయ్యి బాకీకి మూడు వేలు! బిల్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఇద్దరం కాగితం మీద వేసి చూశాం. ఆ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, ఏడాదికి 42. వెయ్యి మిగిల్చిన క్షణంలో ఫ్రిజ్‌కు ఇచ్చిన 49 రోజుల గడువు రద్దయిపోయింది. కాబట్టి వడ్డీ మిగిలిన వెయ్యి మీద కాదు, మొత్తం 40,000 మీద, కొన్న సెప్టెంబరు 13 నుంచి కట్టిన నవంబరు 1 దాకా వేశారు. అదే 2,255. మిగిలిన వెయ్యి మీద నవంబరు 1 నుంచి 12 దాకా 13 రూపాయలు. పిల్లల ఫీజుకు మామూలుగా అయితే డిసెంబరు 2 దాకా గడువు ఉండాలి కదా, అదీ పోయింది. గీకిన రోజు నుంచే లెక్కగట్టి 265 వేశారు.

వాడి ముఖం చూస్తే నాకు బాధేసింది. నా జీవితమంతా ఆ లెక్కల్లోనే గడిచింది, ఇంట్లోవాళ్లకు ఒక్కసారీ కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ షరతును కార్డుతో పాటు ఇచ్చే నిబంధనల కాగితంలో విడిగా వివరించాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది, వివరిస్తారు కూడా. కానీ ఆ చిన్న అక్షరాలు చదివేంత ఓపిక ఎంతమందికి ఉంటుంది?

తర్వాత వాడు డిసెంబరు 2న పూర్తిగా కట్టేశాడు. అయినా డిసెంబరు 12 బిల్లులో మళ్లీ 250 పైచిలుకు వడ్డీ వచ్చింది. మోసం జరిగిందని కంగారుపడ్డాడు. మోసం కాదు, నవంబరు 12 నుంచి కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ అది, బిల్లు వచ్చాక పుట్టింది కాబట్టి తర్వాతి బిల్లులో కనబడుతుంది. అది కూడా కట్టేశాక గానీ కార్డు మళ్లీ మామూలు దారిలో పడలేదు. గడువు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఇదే గుర్తు. మీ బిల్లులో వడ్డీ చూపే Finance Charges అన్న చోట సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే, మీరు కొత్తగా గీకే ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే మీటరు తిరుగుతుండొచ్చని అర్థం. అలాంటప్పుడు 13న కొన్నా 12న కొన్నా ఒకటే. బాకీ తీరేదాకా ఆ కార్డు పక్కన పెట్టేయాలి.

ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే చాలా కార్డులకు ఈ గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ.

జీతం తేదీకీ డ్యూ డేట్‌కీ పొంతన కుదరనివాళ్లు ఈ వరసలో కూర్చున్నవారిలోనే కొందరు ఉంటారు. 1న జీతం వస్తుంది, 1నే కట్టాలి, జీతం ఒక రోజు ఆలస్యమైతే టెన్షన్. మీ బిల్లు తేదీ మార్చమని బ్యాంకును అడిగే హక్కు మీకుంది, కనీసం ఒక్కసారైనా ఆ అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. బిల్లు తేదీని 18కి మార్పించుకుంటే డ్యూ డేట్ 7 దగ్గరికి వస్తుంది. జీతం పడ్డాక వారం రోజులు చేతిలో ఉంటాయి. ఇప్పుడు ఫోన్లు తీసి మీ ఆఖరి బిల్లు తెరవండి. Statement Date, Payment Due Date రెండూ పైనే ఉంటాయి. మీ చివరి కొనుగోలు తేదీ నుంచి లెక్క వేసి చూడండి. ఎవరికైనా తేడా వస్తే ఇక్కడే ఉంటాను, నా దగ్గరికి రండి, కలిసి చూద్దాం.