డబ్బు కట్ అయింది, చేరలేదు: బ్యాంకుకిచ్చే లెటర్‌ని సరిచేద్దాం

"అన్నా, టైల్స్ షాపుకి 1,85,000 నెఫ్ట్ చేశాను. నా ఖాతాలో కట్ అయింది, షాపాయన రాలేదంటున్నాడు. వారమైంది. బ్యాంకులో ఈ లెటర్ రెండుసార్లు ఇచ్చాను, చూస్తాం అంటున్నారు తప్ప కదలడం లేదు. ఇందులో ఏం తప్పుంది?"

ఖమ్మం నుంచి ఒక తమ్ముడు పంపాడు. లెటర్ స్క్రీన్ మీద పెడుతున్నా. పేర్లు, నంబర్లు చెరిపేశాను.

పేజీన్నర ఉంది. మొదటి పేరా మొత్తం పన్నెండేళ్లుగా ఆ బ్యాంకులో ఖాతా ఉందని. రెండో పేరా గృహప్రవేశం ముహూర్తం గురించి. మేస్త్రీ రోజూ ఫోన్ చేస్తున్నాడట. మూడో పేరాలో గానీ డబ్బు సంగతి రాలేదు. అక్కడ కూడా ఏముంది? "మొన్న సోమవారం సాయంత్రం షాపు వారికి డబ్బు పంపాను, రిఫరెన్స్ నంబరు ఫలానా, దయచేసి నా డబ్బు వెంటనే తిరిగి ఇప్పించగలరు."

నేను కొన్నేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణే. ఇలాంటి లెటర్ చేతికొస్తే ఏమవుతుందో చెప్తా. బ్రాంచిలో ఉన్న మనిషి నీ డబ్బుని తనంతట తాను వెతకలేడు. నెఫ్ట్ వ్యవహారాలు చూసే విభాగానికి మెయిల్ పెట్టాలి. ఆ మెయిల్లో ముందు రాయాల్సింది యూటీఆర్ నంబరు, అంటే ఒక్కో నెఫ్ట్‌కి విడిగా పడే గుర్తింపు నంబరు. అది నీ లెటర్లో లేదు. లేనప్పుడు ఆయన నీ ఖాతా తెరిచి, ఆ రోజు ఎంట్రీ పట్టుకుని, తనే రాసుకోవాలి. తీరిక ఉంటే చేస్తాడు. పింఛన్ల రోజైతే లెటర్ ట్రేలో ఉండిపోతుంది.

"రిఫరెన్స్ నంబరు ఇచ్చాను కదన్నా" అంటావు. నువ్విచ్చింది యాప్ తన లెక్క కోసం వేసుకున్న నంబరు. అది నీ బ్యాంకుకి తప్ప ఇంకొకరికి అర్థం కాదు. యూటీఆర్ అలా కాదు, పంపిన బ్యాంకూ అందుకున్న బ్యాంకూ రెండూ దాన్నే చూస్తాయి. స్టేట్‌మెంట్ తీసి ఆ ఎంట్రీ పక్కన వివరం చూడు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి నంబరు కనబడుతుంది, మొదట్లో సాధారణంగా నీ బ్యాంకు కోడ్ ఉంటుంది. చూసి రాయొద్దు, కాపీ చేసి పెట్టు. సున్నాకి బదులు ఇంగ్లీషు O అక్షరం పడితే మళ్లీ మొదటికొస్తుంది. అన్నట్టు, పంపింది యూపీఐ ద్వారానో ఐఎంపీఎస్ ద్వారానో అయితే వెతకాల్సింది 12 అంకెల నంబరు.

ఇక "తిరిగి ఇప్పించండి" అన్న మాట. లెటర్ మొత్తంలో నన్ను ఇబ్బంది పెట్టింది ఇదే. డబ్బు ఎక్కడుందో ఇంకా తెలియదు. షాపాయన ఖాతాలోనే పడిపోయి ఉంటే, ఆయన ఒప్పుకోకుండా బ్యాంకు దాన్ని వెనక్కి లాగదు. నువ్వు వెనక్కి అడిగితే, కుదరదని ఒక్క ముక్కలో జవాబు రాసి ఫైలు మూసేయొచ్చు. నువ్వు అడగాల్సింది డబ్బు ఆచూకీ.

నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా నడుస్తుంది, 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీ పగలూ, సెలవు రోజుల్లో కూడా. బ్యాచ్ సెటిల్ అయిన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు డబ్బు ఖాతాలో వెయ్యాలి, వెయ్యలేకపోతే వెనక్కి పంపాలి. నువ్వు సాయంత్రం 6:42కి పంపావు. ఏడు గంటల బ్యాచ్‌లో వెళ్లి ఉంటే తొమ్మిదికల్లా ఏదో ఒకటి తేలాలి. అంటే ప్రశ్న ఇంత చిన్నది: క్రెడిట్ అయిందా, రిటర్న్ అయిందా, రెండూ కాక మధ్యలో ఆగిందా?

లెటర్ తిరగరాసే ముందు తమ్ముడితో రెండు పనులు చేయించాను. ఒకటి, పంపిన రోజు నుంచి ఇవాళ్టిదాకా స్టేట్‌మెంట్ మొత్తం చూడమన్నాను. రిటర్న్ వేరే ఎంట్రీగా, ఒక్కోసారి వేరే తేదీ మీద వచ్చి కూర్చుంటుంది. మనం పాత ఎంట్రీ దగ్గరే వెతుకుతూ ఉంటాం. తనకి రాలేదు. రెండు, షాపాయన దగ్గర క్యాన్సిల్డ్ చెక్ ఫొటో తెప్పించి, అందులోని ఖాతా నంబరుని తను యాప్‌లో కొట్టిన నంబరు పక్కన పెట్టి ఒక్కో అంకె చూడమన్నాను. నెఫ్ట్‌లో డబ్బు పడేది ఖాతా నంబరుని బట్టి, పేరుని బట్టి కాదు. రెండంకెలు అటూ ఇటూ అయి, ఆ నంబరుతో ఇంకెవరికో ఖాతా ఉంటే డబ్బు వాళ్లకి పోతుంది. అప్పుడు లెటర్ కూడా మారిపోతుంది. తప్పు నాదేనని ఒప్పుకుని, ఆ ఖాతాదారు అనుమతితో వెనక్కి తెప్పించమని అడగాలి. తమ్ముడి నంబర్లు సరిగ్గా సరిపోయాయి. కాబట్టి ఇది ఆచూకీ లెటరే.

ఇదిగో సరిచేసింది.

విషయం: నెఫ్ట్ మొత్తం అందలేదు, ఆచూకీ కోరుతూ. యూటీఆర్ ABCDN520251110XXXXXXXX

మేనేజర్ గారికి,
కింది నెఫ్ట్ మొత్తం నా ఖాతా నుంచి డెబిట్ అయింది. గ్రహీతకు అందలేదు. నా ఖాతాకు రిటర్న్ కూడా రాలేదు (17-11-2025 వరకు స్టేట్‌మెంట్ చూశాను).

యూటీఆర్: ABCDN520251110XXXXXXXX
తేదీ, సమయం: 10-11-2025, సాయంత్రం 6:42
మొత్తం: రూ. 1,85,000
నా ఖాతా: పేరు, పూర్తి నంబరు
గ్రహీత: ఖాతాలో ఉన్న పేరు, పూర్తి నంబరు
గ్రహీత బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ: WXYZ0XXXXXX

ఈ మొత్తం గ్రహీత ఖాతాలో క్రెడిట్ అయిందా, అయితే ఏ తేదీన, ఏ సమయానికి? కాకపోతే రిటర్న్ ఎప్పుడు వస్తుంది? గ్రహీత బ్యాంకు నుంచి తెలుసుకుని రాతపూర్వకంగా తెలపగలరు. ఆలస్యమైన రోజులకు నెఫ్ట్ నిబంధనల ప్రకారం వడ్డీ చెల్లించగలరు.

జతపరిచినవి: స్టేట్‌మెంట్ పేజీ, క్యాన్సిల్డ్ చెక్ కాపీ.

అంతే. గృహప్రవేశం పోయింది, మేస్త్రీ పోయాడు. పన్నెండేళ్ల అనుబంధం కూడా తీసేశాను, ఏమీ అనుకోకు తమ్ముడూ. యూటీఆర్ పైన విషయం లైనులోనే ఉంది చూశారా, లెటర్ చదవకముందే కనబడాలి. ఖాతా నంబర్లు పూర్తిగా రాయాలి, చివరి నాలుగంకెలతో వెతకడం కుదరదు. ఐఎఫ్‌ఎస్‌సీలో ఐదోది ఎప్పుడూ సున్నానే, ఇంగ్లీషు O అక్షరం కాదు. పాత లెటర్ చివర్లో డెబిట్ కార్డు నంబరు కూడా రాశాడు, దాన్ని కొట్టేశాను. నెఫ్ట్ ఆచూకీకి కార్డుతో పని లేదు, కాగితం ఎన్ని చేతులు మారుతుందో తెలియదు.

వడ్డీ లైను చూసి కొందరు నవ్వుతారు. ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటుని రెపో రేటు అంటారు. ఆలస్యానికి దాని మీద 2 శాతం కలిపి ఇవ్వాలని నిబంధన. మొత్తం ఏడున్నర శాతం అనుకున్నా, ఈ డబ్బుకి రోజుకి 38 రూపాయలు. టీ ఖర్చే. కానీ ఆ లైను ఉంటే, రాసినవాడికి గడువు సంగతి తెలుసని చదివేవాళ్లకి అర్థమవుతుంది.

లెటర్ ఇచ్చాక రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో, ఫిర్యాదు నంబరు అడుగు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు. అప్పుడు ఆ ముద్ర, ఆ నంబరే ఆధారం.

అంతదాకా ఊరికే కూర్చోవద్దు. యూటీఆర్, తేదీ, మొత్తం, ఈ మూడూ షాపాయనకి వాట్సాప్ చెయ్యి. ఆయన తన బ్యాంకుకెళ్లి "ఈ యూటీఆర్ మీద మీకు డబ్బు వచ్చిందా" అని అడగాలి. "పడలేదు" అని ఆయన నీతో ఫోన్లో చెప్తున్నాడంతే, ఇంతవరకూ తన బ్యాంకుని అడగనేలేదని నువ్వే రాశావు కదా.