లాడ్ బజార్ వ్లాగ్‌కి సౌండ్ ఎంత ఉండాలి?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. డల్లాస్ నుంచి సెలవులకి వచ్చి కూకట్‌పల్లిలో అమ్మవాళ్లింట్లో ఉన్నాం. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడుతూ తీసిన వీడియో ఎడిటింగ్ అయిపోయింది, అప్‌లోడ్‌కి ముందు సౌండ్ ఒక్కటే మిగిలింది. ఇది నాకు చాలా ముఖ్యం. కొన్ని వ్లాగులు పెడితే అమ్మ రిమోట్ కింద పెట్టదు. మాటలు వినపడక పెంచుతుంది, యాడ్ రాగానే ఉలిక్కిపడి తగ్గిస్తుంది.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ మీటర్ ఉంటుంది. అందులో Integrated అని చూపించే అంకె మొత్తం వీడియో మన చెవికి సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో చెబుతుంది. దాని కొలత LUFS. మైనస్ అంకె సున్నాకి దగ్గరయ్యేకొద్దీ సౌండ్ పెద్దదన్నమాట. యూట్యూబ్ సుమారు -14 దగ్గర గీత గీస్తుంది. అంతకంటే గట్టిగా ఉంటే తనే తగ్గిస్తుంది. చిన్నగా ఉంటే మాత్రం మామూలుగా పెంచదు, అలాగే వదిలేస్తుంది. అమ్మ రిమోట్ వెతుక్కునేది అందుకే.

నా వీడియో -20.5 చూపించింది. అంటే 6.5 డీబీ పెంచాలి. కానీ ట్రూ పీక్, అంటే సౌండ్ తాకిన అత్యంత ఎత్తు, అప్పటికే -3 దగ్గరుంది. ఉన్నదున్నట్టు పెంచితే అది +3.5కి వెళ్లి సౌండ్ పగిలిపోతుంది. పీక్ ఎక్కడుందా అని వెతికితే, చార్మినార్ దగ్గర మా పక్కనుంచి వెళ్లిన ఆటో హారన్! నా మాటలు, గాజుల షాపాయన మాటలు ఎక్కడా -8 దాటలేదు. ఒక్క హారన్ కోసం, పీకుల్ని ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌తో వీడియో అంతటినీ నొక్కడం నాకిష్టం లేదు. హారన్ ఉన్న ముక్కని కట్ చేసి, అక్కడ మాత్రం 6 డీబీ తగ్గించాను. క్షణం సేపు సౌండే కాబట్టి సగటు దాదాపు కదల్లేదు. తర్వాత మొత్తం 6.5 పెంచితే -14 వచ్చింది, పీక్ -1.5 దగ్గర ఆగింది. అప్‌లోడ్ అయ్యాక యూట్యూబ్ ఫైల్‌ని మళ్లీ కుదిస్తుంది, అప్పుడు పీకులు కాస్త పెరగొచ్చు. అందుకే -1 దాటనివ్వను.

"ఇంకా పెంచితే ఇంకా బాగా వినపడుతుంది కదా బావా?" అన్నాడు మా బావమరిది. లేదు. లిమిటర్‌తో నొక్కి -9కి తెచ్చినా, యూట్యూబ్ 5 డీబీ తగ్గించి అదే -14 దగ్గర వినిపిస్తుంది. నొక్కినందుకు గాజుల గలగలలు, బజారు సందడి చదునైపోవడం మాత్రం అలాగే ఉండిపోతుంది. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి Stats for nerds తెరవండి. content loudness పక్కన 5 డీబీ అని ఉంటే అంత తగ్గించారని, మైనస్ 5 ఉంటే మీ వీడియో అంత చిన్నగా ఉందని అర్థం.

ఇదే కబుర్లని ఆడియోగా పాడ్‌కాస్ట్‌లో కూడా పెడుతున్నాను. యాపిల్ అడిగేది -16 కాబట్టి, ఆ ఫైల్‌ని 2 డీబీ తగ్గించి వేరేగా ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు.