అర కిలో పెట్టె, బండెడు చోటు: చేపల థర్మాకోల్‌ని ఏం చేయాలి

అందరికీ నమస్కారం. చేపల వ్యాపారులు, ఐసు ఫ్యాక్టరీల వాళ్లు, రొయ్యల ప్యాకింగ్ షెడ్లు నడిపేవాళ్లు, మునిసిపల్ పారిశుద్ధ్య సిబ్బంది అంతా ఒక్కచోట ఉన్నారు. అందుకని థర్మాకోల్ మొత్తం గురించి కాకుండా, మీ అందరి చేతుల్లోంచీ వెళ్లే ఒక్క వస్తువు గురించే మాట్లాడతాను. జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా మన తీరమంతా చేపనీ ఐసునీ మోసే తెల్ల పెట్టె అది.

2022 జూలై 1 నుంచి అలంకరణకి వాడే థర్మాకోల్‌నీ, ప్లాస్టిక్ ప్లేట్లూ కప్పుల్లాంటి వాటినీ దేశమంతా నిషేధించారు. సరుకు ప్యాకింగ్ పెట్టె ఆ జాబితాలో లేదు. కాబట్టి అది రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది. వచ్చినదాన్ని ఏం చేయాలన్నదే మన ప్రశ్న.

ముందు ఆ పెట్టెలో ఏముందో చూద్దాం. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ని పంచదార పలుకుల్లాంటి గింజలుగా తయారుచేస్తారు. గింజలో వంద వంతులకి ఐదారు వంతులు పెంటేన్ అనే, ఇట్టే ఆవిరైపోయే పదార్థం ఉంటుంది. ఆవిరి తగలగానే గింజ దాదాపు నలభై రెట్లు ఉబ్బుతుంది. ఉబ్బిన గింజల్ని అచ్చులో పోసి మళ్లీ ఆవిరి పట్టిస్తే ఒకదానికొకటి అతుక్కుని పెట్టె అవుతుంది. దాని గోడలో నూటికి 98 పాళ్లు గాలే. ఐసుని కరగనీయకుండా కాపాడేది ఆ గాలే, ఖాళీ అయ్యాక మనల్ని ఇబ్బంది పెట్టేదీ ఆ గాలే.

లెక్క వేసి చూడండి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు లోపు ఉండే పెట్టె, అంటే 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 35 ఎత్తు, గోడ మందం రెండున్నర సెంటీమీటర్లు అనుకుందాం. మూతతో కలిపి అర కిలో తూగుతుంది. చిన్న ట్రాలీ బండిలో ఐదు ఘనమీటర్ల చోటుంటే ఇలాంటి ఖాళీ పెట్టెలు 60 లోపే పడతాయి. మొత్తం బరువు 30 కిలోలు. ముప్పావు టన్ను మోసే బండి 30 కిలోలతో నెల్లూరు నుంచి చెన్నైకి పోయిరావాలంటే, స్క్రాప్ షాపు ఆయన ఏం రేటు ఇచ్చినా డీజిల్‌కే చాలదు. ఆయన మన పెట్టెని వద్దనేది అందుకే. అంతేగానీ అది రీసైకిల్ కాని సరుకని కాదు. పాలీస్టైరీన్ వంద డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, కరిగించి మళ్లీ గింజలుగా చేయొచ్చు. మన ఇళ్లలో ఫొటోలకి కట్టే ఫ్రేము పట్టీలు చాలావరకు ఆ ప్లాస్టిక్‌వే.

అంటే ఆ గాలిని పెట్టె పుట్టిన ఊళ్లో కాదు, ఖాళీ అయిన చోటే తీసేయాలి. దానికి రెండు రకాల మిషన్లున్నాయి. ఒకటి కరిగించి ముద్ద చేస్తుంది, రెండోది కరిగించకుండా స్క్రూతో నొక్కి దిమ్మ చేస్తుంది. చేపల పెట్టెకి నొక్కే మిషనే నయమని నా అభిప్రాయం. చేప రక్తం, ఉప్పునీరు అంటిన పెట్టెని కరిగిస్తే ఆవిరి, కంపు, స్టైరీన్ పొగ కలిసి వస్తాయి. మార్కెట్ మధ్యలో అది పెట్టడం కుదరదు. నొక్కిన దిమ్మ ఘనమీటరుకి సుమారు 300 కిలోలు తూగుతుంది. అదే ట్రాలీలో ముప్పావు టన్ను రెండున్నర ఘనమీటర్లలో పట్టేస్తుంది. ఇరవై ఐదు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులో పోతుందన్నమాట.

ఇక అసలు పని మిషను దగ్గర కాదు, దానికి ముందే ఉంది. పెట్టె ఖాళీ అయిన పూటే ఐసు నీళ్లు వంచేయాలి. టేపూ స్టిక్కరూ నీళ్లు తగలకముందే పీకాలి, తడిస్తే ముక్కలుముక్కలుగా చిరిగి అక్కడే ఉండిపోతాయి. తర్వాత రక్తం ఎండకముందే మంచినీళ్లతో ఒక్కసారి కడిగి, మూత విడిగా, పెట్టె బోర్లా, గాలి తగిలే షెడ్డులో ఆరబెట్టాలి.

ఆరిందో లేదో చేత్తో తడిమితే తెలియదు. గింజల మధ్య సందుల్లోకి నీరు దిగుతుంది, పైన మాత్రం పొడిగా కనిపిస్తుంది. తూకమే సరైన పరీక్ష. కొత్త పెట్టెని ఒకసారి తూచి బరువు గోడమీద రాసి పెట్టుకోండి. 500 గ్రాముల పెట్టె 600 తూగితే ఆ వంద గ్రాములూ నీరూ మురికీ. ఆ తడితో నొక్కితే దిమ్మలోంచి నీళ్లు కారతాయి, రెండ్రోజులకి అంచులు పొడిపొడిగా రాలతాయి, కొనేవాడు తరుగు తీస్తాడు. ఉప్పునీరైతే స్క్రూ తుప్పు పడుతుంది. టేపు మిగిలితే స్క్రూ ఇరుసుకి చుట్టుకుని మిషను ఆగుతుంది.

తెల్లగా ఉన్నదంతా థర్మాకోల్ కాదు, ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. విరిచి చూడండి. పుటుక్కున విరిగి గుండ్రటి గింజలు కనబడితే మనకి కావలసిందే. వంగుతుంది గానీ విరగకపోతే అది పాలిథిన్ ఫోము, టీవీల చుట్టూ వచ్చేది. అది పాలీస్టైరీన్‌లో కలవదు, కలిపి కరిగిస్తే సరుకు పొరలు పొరలుగా ఊడొస్తుంది. కోల్డ్ స్టోరేజీ గోడల్లోంచి వచ్చే పసుపుపచ్చ ఫోము పీయూఎఫ్, అది అసలు కరగనే కరగదు. గింజలు కనబడకుండా నున్నగా ఉండే టిఫిన్ ప్లేటు కూడా పాలీస్టైరీనే గానీ, కూరా నూనే అంటి ఉంటుంది కాబట్టి ఇందులో వేయకండి.

దిమ్మ బాగా వచ్చిందా అన్నది కూడా తూకంతోనే తేలుతుంది. ఎటు చూసినా 20 సెంటీమీటర్లు ఉండేట్టు ఒక ముక్క విరవండి. అందులో ఎనిమిది లీటర్ల సరుకుంటుంది, 2.4 కిలోల దగ్గర తూగాలి. 1.6 కిలోలకి తగ్గితే నొక్కుడు చాలలేదు. విరిగిన చోట గింజలు ఇంకా గుండ్రంగానే కనిపిస్తాయి, అణిగి ఉండవు. దిమ్మ పైభాగం గాజులా మెరుస్తూ పసుపెక్కితే స్క్రూ వేడెక్కిందని అర్థం, ఆపి చల్లారనివ్వాలి.

మిషను చుట్టూ సన్నకన్ను వల కట్టడం తప్పనిసరి. ముక్కలు చేసేటప్పుడు రాలిన గింజలు సముద్రపు గాలికి నిలవవు. వాటిని చీపురుతో ఎత్తాలి, పైపు పెట్టి కాలవలోకి కొట్టకూడదు. ఒకసారి బకింగ్‌హామ్ కాలవలోకో చెరువులోకో పోయిన గింజని ఎవరూ ఏరలేరు. అది నీటిమీద తేలుతూనే ఉంటుంది, పిట్టలూ చేపలూ మేతనుకుని మింగుతాయి.

మిషను లేదని పెనం మీద కరిగించడం, పెట్రోలులో వేసి ముద్ద చేయడం కొందరు చేస్తున్నారు. దయచేసి వద్దు. మొదటిదాంట్లో స్టైరీన్ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రెండోదాంట్లో చేతిలో ఉన్నది మంటకి సిద్ధంగా ఉన్న జిగురు. ఆరుబయట తగలబెడితే వచ్చే నల్లటి మసి సంగతి మీకు తెలిసిందే.

చెన్నైకి నిండుగా పోయి ఖాళీగా తిరిగొచ్చే బండ్లు మీకు ఉంటే థర్మాకోలే అక్కర్లేదు. లోపల ఫోము నింపిన గట్టి ప్లాస్టిక్ ఐసు పెట్టెలు కడిగి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు, అవే బండిలో వెనక్కి వస్తాయి. రైల్లో దూరం పోయే సరుకు పెట్టె తిరిగి రాదు, థర్మాకోల్ అక్కడికే ఉంచండి.

రోజుకి 200 పెట్టెలొచ్చే మార్కెట్లో వంద కిలోలు పోగవుతాయి. గంటకి 50 కిలోలు నొక్కే చిన్న మిషను రెండు గంటలు నడిస్తే చాలు, త్రీ ఫేజ్ కరెంటు ఉండాలి. నలభై పెట్టెలే వచ్చే చోట మిషను దండగ. అక్కడ పెట్టెని గోడలు గోడలుగా విరిచి, పలకల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి వలసంచీలో కట్టండి. ట్రాలీలో 30 కిలోలకి బదులు 80 కిలోలు పడతాయి, అంటే నాలుగు రోజులకొక ట్రిప్పు. ముప్పై నలభై కిలోమీటర్లలో మిషనున్న మార్కెట్ ఉంటే అది గిట్టుబాటవుతుంది. అందుకే మిషను ఏ ఊళ్లో పెట్టాలో తేల్చే ముందు, ప్రతి మార్కెట్లోనూ పదిహేను రోజులపాటు వచ్చిన పెట్టెలు లెక్కపెట్టి, సైజుల వారీగా రాసి తీసుకురండి.