కిక్కిరిసిన బస్సులో గుండె దడ మొదలైతే ముందు కాళ్ల పని చూడండి

[దృశ్యం: సాయంత్రం ఆరున్నర. అమీర్‌పేటలో కాలు పెట్టడానికి చోటు లేని సిటీ బస్సు. ఒకమ్మాయి ఒక చేత్తో పైనున్న రాడ్ పట్టుకుంది, ఇంకో చేతిలో బ్యాగు.]

ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోంది. ఊపిరి సలపడం లేదు, అరచేతులు చెమటలు పట్టాయి. వెంటనే దిగిపోవాలనుంది గానీ డోర్ దాకా వెళ్లే దారే లేదు.

పక్కనున్న ఆంటీ ఎవరైనా గమనిస్తే "గట్టిగా ఊపిరి పీల్చుకో అమ్మా" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ అమ్మాయి అప్పటికే అవసరానికి మించి పీల్చేస్తోంది. అలా ఆపకుండా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తల తేలిపోతున్నట్టుండటం, వేళ్లూ పెదాల చుట్టూ తిమ్మిర్లు రావడం చాలావరకు అందుకే. ఆ తిమ్మిర్లు చూసి ఇంకా భయపడి, ఇంకా పీలుస్తాం. అందుకే నేను ఊపిరి సంగతి చివర్లో చెప్తాను.

[క్లోజప్: బస్సు ఫ్లోర్ మీద రెండు పాదాలు]

మొదట కాళ్లు. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, పరిగెత్తడానికి కండరాలను సిద్ధం చేస్తుంది. బస్సులో పరుగెక్కడ? కాబట్టి నిలబడ్డ చోటే వాటికి పని ఇవ్వాలి. పాదాలు కాస్త ఎడంగా పెట్టండి. ఫ్లోర్‌ని కిందికి తోసేస్తున్నట్టు మడమలతో నొక్కండి. తొడలు బిగుస్తాయి. మనసులో ఐదు లెక్కపెట్టి, మెల్లగా వదిలేయండి. వదిలినప్పుడు తొడలు ఎలా సడలుతున్నాయో గమనించండి, అసలు పని అక్కడే ఉంది. మూడు నాలుగు సార్లు చేయండి. బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, మోకాళ్లు కర్రల్లా బిగించి నిలబడకండి. అలా నిలబడితే కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

[క్లోజప్: రాడ్ మీద చెయ్యి]

తర్వాత చెయ్యి. రాడ్ పట్టు కొంచెం వదులు చేయండి, పడిపోనంత వరకే సుమా. చల్లగా ఉందా, ఇంతకుముందు పట్టుకున్నవాళ్ల వేడి ఇంకా ఉందా? బొటనవేలి కింద నున్నగా ఉందా, గరుగ్గా తగులుతోందా?

ఇక కళ్లు. మూసుకోకండి. మూసుకుంటే మీ గుండె చప్పుడు తప్ప ఇంకేమీ మిగలదు. చూసేవి ఐదు, తాకేవి నాలుగు, వినేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి అనే పద్ధతి చాలామంది వినే ఉంటారు. "నాకు పనిచేయలేదండీ" అనేవాళ్లూ చాలామందే. ఎలా చేశారంటే: సీటు, కిటికీ, బ్యాగు, ఫోను, లైటు, అయిపోయింది! హాజరు పిలిచినట్టు చదివేస్తే మనసు అక్కడ ఆగదు. ఒక్కో వస్తువు దగ్గర కాసేపు ఉండాలి. కండక్టర్ భుజానికున్న టికెట్ మిషన్ బెల్టు ఏ రంగు? ఎక్కడ చిరిగింది? ముందు సీటు వెనక ఎవరో గీకిన పేరులో ఎన్ని అక్షరాలు? ఇలా చూస్తే రెండు వస్తువులైనా చాలు. ఇక వాసనల సంగతంటారా, సాయంత్రం బస్సులో అది వదిలేయడమే మంచిది.

ఇప్పుడు ఊపిరి. ముక్కుతో మామూలుగా మూడు లెక్కపెట్టేంత సేపు తీసుకోండి. వేడి టీ ఊదినట్టు పెదాలు చిన్నగా చేసి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. వదిలేది పొడవుగా ఉండాలి, అంతే.

దడ వెంటనే ఆగిపోదు. ఇలాంటి ఉద్ధృతి సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత దిగుతుంది. మధ్యలో "తగ్గిందా, తగ్గిందా" అని నాడి పట్టుకుని చూసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. కండక్టర్ అరిచే స్టాపు పేరు మీ చెవిన పడటం మొదలైందంటే, దిగుతోందని గుర్తు.

[దృశ్యం: ఆఫీసు మీటింగ్ రూమ్]

ఆఫీసులో ఇంకా సులువు. టేబుల్ కింద అరచేతులు పెట్టి పైకి నొక్కండి, ఐదు లెక్కపెట్టి వదలండి. ఎదుటివాళ్లకి మీ భుజాలు కూడా కదిలినట్టు కనపడదు. చల్లటి నీళ్ల బాటిల్ ఉంటే మణికట్టుకి ఆనించండి. కుదరకపోతే "ఒక్క నిమిషం, నీళ్లు తాగొస్తా" అని లేచి, కారిడార్‌లో పాదం మొత్తం ఆనేలా నెమ్మదిగా నడవండి. బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఫోన్‌లో లక్షణాలు వెతకడం మాత్రం వద్దు.

[స్క్రీన్ మీద: 108]

ఛాతీలో బరువు పెట్టినట్టు నొప్పి ఉన్నా, అది చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పుతున్నా ఇవేవీ చేస్తూ కూర్చోకండి. బస్సు ఆపించి 108కి ఫోన్ చేయించండి. ఇలా మొదటిసారి వచ్చినా, తగ్గాక డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది.

[స్క్రీన్ మీద: టెలీ మానస్ 14416]

మళ్లీ వస్తుందేమోనన్న భయంతో బస్సెక్కడమే మానేస్తుంటే, ఈ చిట్కాలు సరిపోవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.