ఎన్ని వారాలు నిలబడితే బ్రేకౌట్ అనాలి? విశాఖ స్టూడియో చర్చ పూర్తి పాఠం

గాజువాకలో రిటైరైన ఉద్యోగులు కొందరు, మెసేజింగ్ గ్రూపులో వచ్చిన "బ్రేకౌట్ వచ్చేసింది" అనే సలహా నమ్మి ఒక షేరు కొన్నారు. కొన్నాళ్లు ఒకే పరిధిలో తిరిగిన షేరు ఆ హద్దు దాటి పైకి వెళ్లడమే బ్రేకౌట్. నష్టానికి అమ్మేశాక అదే షేరు పైకి వెళ్లింది. తప్పు సలహాదా, తొందరదా అన్న గొడవ ఊళ్లోని ట్రేడర్ల మధ్య ఇంకా నడుస్తోంది. విశాఖలో దీనిపై జరిగిన చర్చను ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం. షేరు పేరు చెప్పడం లేదు, ధరలు రూపాయికి సవరించినవి. చర్చలో ఉన్నవారు: ద్వారకానగర్‌లో బ్రోకరేజీ ఆఫీసు నడిపే బ్రోకర్, ఎంవీపీ కాలనీకి చెందిన ట్రేడర్, స్టాటిస్టిక్స్ బోధించే అధ్యాపకురాలు.

వ్యాఖ్యాత: నమస్కారం. నేరుగా విషయానికి వస్తాను. జీవితమంతా కష్టపడి దాచుకున్న డబ్బు అది. ఒక షేరు ఎన్నాళ్లు ఒకే చోట నిలబడితే బ్రేకౌట్‌ను నమ్మొచ్చు? నాకు ఒక అంకె కావాలి.

బ్రోకర్: ఏడు వారాలండీ. అంతకంటే ఒక్క రోజు తగ్గినా నేను ఒప్పుకోను. ఆ గ్రూపువాళ్లు తొమ్మిది రోజులు చూసి కొన్నారు. బేస్ అంటే షేరు ఒకే పరిధిలో నిలబడి గట్టిపడే కాలం, తొమ్మిది రోజుల్లో బేస్ ఏమిటి సార్? పునాది ఆరకుండా గోడ లేపితే ఏమవుతుంది?

ట్రేడర్: ముందు చార్ట్ చూపిద్దాం. అసలు ఏం జరిగిందో...

బ్రోకర్: చూపించండి, చూపించండి. నేను చెప్పిందే కనిపిస్తుంది.

ట్రేడర్: షేరు మూడు నెలల్లో 150 నుంచి 212కి వెళ్లింది. అక్కడ ఆగి తొమ్మిది ట్రేడింగ్ రోజులు 198, 212 మధ్య తిరిగింది. పదో రోజు 214 దగ్గర ముగిసింది. మనవాళ్లు కొన్నది అక్కడే. మర్నాడు 219 దాకా వెళ్లి 215 దగ్గర ముగిసింది. మూడో రోజు 208. రెండు వారాల్లో 188కి జారింది. దారిలో 196 దగ్గర వీళ్లు అమ్మేశారు.

వ్యాఖ్యాత: ఇక్కడ ప్రేక్షకులు గమనించాలి. 214కి కొని 196కి అమ్మారు. అంటే షేరుకి 18 రూపాయలు పోయాయి.

ట్రేడర్: అవునండీ. తర్వాత అది 188, 212 మధ్యే కొట్టుకుంది. మొదటిసారి 212 తాకిన వారం నుంచి లెక్కేస్తే మొత్తం పదకొండు వారాలు. అప్పుడు సగటుకి రెండింతల వాల్యూమ్‌తో, అంటే రెండింతల షేర్లు చేతులు మారి, 222 దగ్గర ముగిసింది. ఇప్పుడు 229 దగ్గర ఉంది.

బ్రోకర్: పదకొండు వారాలు! ఏడు దాటింది, పైకి వెళ్లింది. ఇంకేం కావాలి?

అధ్యాపకురాలు: ఒక్క ఉదాహరణతో నియమం ఎలా నిలబడుతుందండీ? ఇలా రెండు ధరల మధ్య అడ్డంగా తిరిగే ఆకారాన్ని రెక్టాంగిల్ అంటారు, ఏడు వారాలు దాటి కిందకి పగిలిన రెక్టాంగిల్స్ ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు? పైకి వెళ్లినవే మనకి గుర్తుంటాయి, ఆ చార్టులే తిరుగుతుంటాయి. రెక్టాంగిల్ అనేది రెండు వైపులకీ...

బ్రోకర్: మేడం, మీరు క్లాసులో చెప్పండి అది. నేను రోజూ మార్కెట్లో కూర్చునేవాణ్ని.

అధ్యాపకురాలు: వాక్యం పూర్తి చేయనివ్వండి. రెక్టాంగిల్ రెండు వైపులకీ పగలొచ్చు. వారాలు పెరిగినంత మాత్రాన పైకే వెళ్లాలని లేదు.

వ్యాఖ్యాత: సామాన్యుడికి ఇవన్నీ అర్థం కావు మేడం. అంకె చెప్పండి. ఐదా, ఏడా, పదా?

ట్రేడర్: ఆ ఏడు ఎక్కడిదో చెప్పనివ్వండి. అమెరికా ఇన్వెస్టర్ విలియం ఓనీల్ కప్ ఆకారపు బేస్‌కి కనీసం ఏడు వారాలు అన్నాడు. ఫ్లాట్ బేస్‌కి, అంటే షేరు పెరిగాక పెద్దగా పడకుండా అడ్డంగా సాగే దానికి, కనీసం ఐదు అన్నాడు. మన చార్ట్ రెండో రకం. ఆయన లెక్కలో ఫ్లాట్ బేస్ లోతు సుమారు 15 శాతం దాటకూడదు. ఇక్కడ 212 నుంచి 188 అంటే 11 శాతం చిల్లర. కాబట్టి ఏడు కాదు, ఐదు.

బ్రోకర్: ఐదైనా తొమ్మిది రోజులు తప్పేగా! నేను ఇంకాస్త జాగ్రత్తగా ఏడు అంటున్నాను. మన మార్కెట్లో ధరలను కావాలని ఆడించే ఆపరేటర్లు ఎక్కువ.

వ్యాఖ్యాత: ఆపరేటర్లు అన్నారు, అక్కడే ఉంది అసలు విషయం. చిన్న ఇన్వెస్టర్‌ని కాపాడటానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే కనీసం ఇన్ని వారాలు అని నిబంధన పెట్టాలంటారా?

అధ్యాపకురాలు: చార్టు ఆకారానికి నిబంధన ఎలా పెడతారండీ? సలహా ఇచ్చేవాళ్లు సెబీ దగ్గర రీసెర్చ్ ఎనలిస్టుగా నమోదు చేసుకోవాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఆ గ్రూపు నడిపినవాళ్లకి ఆ నమోదు ఉందో లేదో...

బ్రోకర్: అది వేరే చర్చ మేడం.

వ్యాఖ్యాత: లేదు లేదు, ముఖ్యమైన చర్చే. మరోసారి వద్దాం. అంకె మాత్రం నాకింకా రాలేదు.

ట్రేడర్: అంకె కంటే ముందు ఒక ప్రశ్న ఉంది. షేరు ఎందుకు నిలబడుతుంది? అమ్మాలనుకున్నవాళ్లు అమ్ముకోవడానికి, వాళ్ల షేర్లు కొత్త చేతుల్లోకి మారడానికి. 150 నుంచి 212కి పెరిగిన షేరుని పట్టుకున్నవాళ్లు చాలామంది లాభంలోనే ఉన్నారు. లాభం తీసుకునేవాళ్లు తీసుకుంటారు, కొన్ని వారాల్లో ఆ సరుకు అయిపోతుంది. పడిపోయి గిన్నె ఆకారంలో మెల్లగా లేచే రౌండింగ్ బాటమ్ సంగతి అలా కాదు. 340 నుంచి 160కి పడిన షేరు ఉందనుకోండి. దారి పొడవునా కొన్నవాళ్లంతా నష్టంలో ఇరుక్కుని ఉంటారు. 250కి కొన్నవాడు 250 వస్తే చాలు, బయటపడదామని చూస్తుంటాడు. 300కి కొన్నవాడిదీ అదే ఆలోచన. వాళ్లందరూ ఖాళీ అవ్వాలంటే వారాలు చాలవు, నెలలు పడుతుంది, ఏళ్లు కూడా పట్టొచ్చు. అందుకే రెండిటికీ ఒకే అంకె పెట్టడం...

బ్రోకర్: అదే కదా నేనూ చెప్పేది! ఎక్కువ కాలం నిలబడాలి. బేస్ ఎంత వెడల్పో ఎత్తు అంత. ముప్పై ఏళ్లుగా ఇదే మాట చెబుతున్నాను.

ట్రేడర్: మీరు ఏడు వారాలు అంటున్నారు. నేను ముందు ఎంత పడిందో, ఎంత పెరిగిందో చూడమంటున్నాను. రెండూ ఒకటి కాదండీ.

వ్యాఖ్యాత: ఇద్దరూ ఒకే మాట చెబుతున్నట్టే ఉంది.

ట్రేడర్: లేదండీ...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

అధ్యాపకురాలు: రౌండింగ్ బాటమ్‌లో ఇంకో చిక్కు ఉంది. గిన్నె అడుగున వాల్యూమ్ తగ్గాలి, కుడివైపు ఎక్కేటప్పుడు పెరగాలి అంటారు. బాగానే ఉంది. కానీ ఎవరూ పట్టించుకోని షేరుకి కూడా వాల్యూమ్ తక్కువే. అమ్మేవాళ్లు అయిపోవడం వేరు, అసలు కొనేవాళ్లే లేకపోవడం వేరు. అడుగు భాగంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కుడివైపు కదలిక మొదలయ్యాకే తేడా తెలుస్తుంది.

బ్రోకర్: మేడం, అందుకే నేను రౌండింగ్ బాటమ్ జోలికే పోవద్దంటాను మా కస్టమర్లకి. రెక్టాంగిల్ అయితే పైగీత, కిందగీత స్పష్టంగా ఉంటాయి.

అధ్యాపకురాలు: స్పష్టంగా ఉన్నాయా? ఈ చార్ట్‌లోనే పైగీత ఎక్కడ వేస్తారో చెప్పండి. 212 దగ్గరా, 219 దగ్గరా?

బ్రోకర్: 212.

అధ్యాపకురాలు: మధ్యలో 219 తాకింది కదా?

బ్రోకర్: ఒక్క రోజు తాకింది. లెక్కలోకి రాదు.

అధ్యాపకురాలు: లెక్కలోకి రాని ఆ రెండు రోజుల కదలికనే మనవాళ్లు బ్రేకౌట్ అనుకున్నారు కదండీ. కిందగీత 188 నుంచి ఎత్తు కొలిచి పైగీతకి కలిపితే టార్గెట్ అంటారు. గీత 212 దగ్గర వేస్తే ఎత్తు 24, టార్గెట్ 236. గీత 219 దగ్గర వేస్తే ఎత్తు 31, టార్గెట్ 250. ఒకే చార్టుకి 14 రూపాయల తేడా వస్తోంది.

ట్రేడర్: చాలా మంచి పాయింట్. వారాల లెక్క కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఫెయిలైన బ్రేకౌట్‌ని బేస్‌లో భాగం అనుకుంటే పదకొండు వారాలు. అక్కడి నుంచి గడియారం మళ్లీ మొదలైంది అనుకుంటే సుమారు తొమ్మిది. నా పద్ధతిలో అది భాగమే. 214, 215 దగ్గర కొన్నవాళ్లు ఇరుక్కున్నారు, వాళ్లు కూడా ఖాళీ అయ్యాకే షేరు పైకి వెళ్లింది.

వ్యాఖ్యాత: అయితే ఆ రోజు మోసపోకుండా ఉండాలంటే గాజువాకవాళ్లు ఏం చేసి ఉండాలి? ఒక్క మాటలో.

ట్రేడర్: ఒక్క మాటలో కాదు, రెండు చూడాలి. బ్రేకౌట్ రోజు వాల్యూమ్ యాభై రోజుల సగటు కంటే తక్కువ ఉంది, అది మొదటి హెచ్చరిక. రెండోది, పైగీత కంటే 3 శాతం పైన ముగిస్తేనే నమ్మాలన్న పాత పద్ధతి. 212కి 3 శాతం కలిపితే 218 దాటుతుంది. మొదటి రోజు ముగింపు 214, రెండో రోజు 215. మధ్యలో 219 తాకింది కానీ అక్కడ ముగియలేదు. వారాలు లెక్కపెట్టకపోయినా ఈ ఒక్క షరతు వాళ్లని ఆపేది.

బ్రోకర్: అప్పుడు 222కి కొనాలి! ఎనిమిది రూపాయలు ఎక్కువ పెట్టి. నష్టం పెరగకుండా అమ్మేసే స్టాప్‌లాస్ ఎక్కడ?

ట్రేడర్: 212 కింద. అంటే పది రూపాయల పైనే రిస్క్. మీ గీత ప్రకారం 236 టార్గెట్ అంటే పద్నాలుగు రూపాయల లాభం. గొప్ప బేరం కాదు, ఒప్పుకుంటాను. ఆగినందుకు కట్టే ధర అది.

బ్రోకర్: వినండి, తనే ఒప్పుకుంటున్నాడు! నా ఏడు వారాల నియమం పాటించినవాడు బేస్ తయారైందని ముందే తెలుసుకుని 212 దాటగానే కొంటాడు. ఈ మూడు శాతం కోసం కూర్చోడు.

అధ్యాపకురాలు: మీ నియమం ప్రకారం ఎనిమిదో వారంలో 213 దగ్గర కొనుంటే, మళ్లీ 190కి పడితే?

బ్రోకర్: పడలేదు కదా!

అధ్యాపకురాలు: పడలేదని ఇప్పుడు తెలుసు. ఆ రోజు తెలీదు కదండీ.

బ్రోకర్: మేడం, మా ఆఫీసుకి రండి, వందల చార్టులు చూపిస్తాను. ఏడు వారాలు. రాసిపెట్టుకోండి.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. మొత్తానికి ఏడు వారాలు అనే అంకె మన ముందుకొచ్చింది.

ట్రేడర్: అది ఒకరి అంకె మాత్రమే. పడిపోయి లేచే షేరుకి ఏడు వారాలు చాలా తక్కువ, ప్రేక్షకులు దయచేసి ఆ తేడా...

వ్యాఖ్యాత: పది సెకన్లే ఉన్నాయండీ. సార్, మీ చివరి మాట?

బ్రోకర్: వీక్లీ చార్ట్ తెరవండి. వారానికొకటిగా కనిపించే కొవ్వొత్తులు ఏడు లెక్కపెట్టండి. లేకపోతే చెయ్యి పెట్టొద్దు.

అధ్యాపకురాలు: ఏ కొవ్వొత్తి నుంచి లెక్కపెట్టాలో చెప్పకుండా...

వ్యాఖ్యాత: బ్రేక్ తర్వాత ఇదే విషయంపై ప్రేక్షకుల ఫోన్ కాల్స్ తీసుకుందాం.